ముసలితనానికి ఆరంచెల పరీక్ష దేనికి?

ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నెలా ఒకటో తారీఖున సచివాలయ ఉద్యోగి వేలిముద్రల యంత్రం పట్టుకుని వీధిలోకి వస్తాడు. జాబితాలో పేరున్న వృద్ధుల చేతిలో 4,000 రూపాయలు పెట్టి వెళతాడు. ఈ పనిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. 2024 జూలైలో పెంచిన మొత్తం తొలిసారి పంచిన నాడు, అన్ని రకాల సామాజిక పింఛన్లూ కలిపి 65 లక్షలకు పైగా మందికి డబ్బు అందింది. అది చిన్న సంగతి కాదు. మేము అడగదలచుకున్నది ఆ ఉద్యోగి ఆగకుండా దాటిపోయే గుమ్మాల గురించి. ఆ గుమ్మాల వెనుక కూడా ముసలివారే ఉన్నారు. వారికి డబ్బు అవసరం లేక కాదు, పరీక్షలో తప్పినందువల్ల వారికి పింఛను లేదు.

ఆ పరీక్షను జనం ఆరంచెల పరిశీలన అంటారు. కుటుంబానికి మూడెకరాలకు మించి మాగాణి గాని, పదెకరాలకు మించి మెట్ట గాని ఉండరాదు. టాక్సీ, ట్రాక్టరు, ఆటో తప్ప నాలుగు చక్రాల బండి ఉండరాదు. పారిశుద్ధ్య కార్మికులు మినహా ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉండరాదు. ఆదాయపు పన్ను కట్టేవారు ఉండరాదు. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటరాదు. పట్టణమైతే ఇంటి కట్టుబడి స్థలం వెయ్యి చదరపు అడుగులలోపే ఉండాలి. వీటికి తోడు పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 రూపాయల కుటుంబ ఆదాయ పరిమితి ఉంది. అన్నింటికీ పైన, ఒక కుటుంబానికి ఒకే పింఛను అన్న నియమం ఉంది.

విడివిడిగా చూస్తే ప్రతి నిబంధనా సబబుగానే తోస్తుంది. కారున్న ఇంటికి పింఛనెందుకు అని ఎవరైనా అంటారు. అయితే గమనించండి, ఈ ఆరింటిలో ఒక్కటి కూడా వృద్ధుని చేతిలో ఎంత డబ్బు ఆడుతున్నదో కొలవదు. కొలిచేదంతా ఆయన ఉంటున్న ఇంటిని, ఆయన కొడుకుల వస్తువులను, గోడకు బిగించిన మీటరును. ఈ తేడా నిజమైన ఇళ్లలో ఏం చేస్తుందో చూడడానికి, మన పాత పట్టణాలలో ఏ వీధిలోనైనా కనిపించే ఒక ఇంటిని ఊహించుకుందాం.

గుంటూరు పాతబస్తీలోనో, కడపలోనో తాతగారి కాలంనాటి ఇల్లు ఒకటి ఉందనుకుందాం. తాత పోయి ముప్పయ్యేళ్లయింది. వారసులు ముగ్గురన్నదమ్ములు. ఆస్తి పంపకం కాలేదు, కాగితాల ఖర్చుకు జడిసి ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఇంటి కట్టుబడి 1,200 చదరపు అడుగులు. మునిసిపాలిటీ పన్ను రికార్డులో పెద్దన్న పేరుంది, ఎందుకంటే పన్ను కట్టడానికి ఆఫీసుకు వెళ్లేది ఆయనే. ఆయనకు 68 ఏళ్లు. దర్జీ పని చేసి చేసి చూపు మందగించి మానేశాడు. భార్యకు 63. కొడుకు మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడు. తమ్ముళ్ల కుటుంబాలు వెనుక గదుల్లోనూ, మేడ మీదా ఉంటాయి. మూడు కుటుంబాలకూ మీటరు ఒకటే. వేరే పొయ్యి, వేరే సంసారం, కరెంటు బిల్లు మాత్రం మూడు వాటాలు.

ఒక్కో కుటుంబం నెలకు 110 యూనిట్లు కాలుస్తుందనుకుందాం. రెండు ఫ్యాన్లు, దీపాలు, ఒక టీవీ, ఒక చిన్న ఫ్రిజ్జు, ఆడవాళ్ల కుట్టుమిషను మోటారు. ఇందులో విలాసమేమీ లేదు. మూడు నూటపదులు 330. మీటరు 330 చూపింది, హద్దు 300, పెద్దాయన అనర్హుడు. ఒకవేళ మీటరు గండం గడిచినా చదరపు అడుగుల గండం ఉంది. ఇంట్లో ఆయన న్యాయమైన వాటా 400 అడుగులు. అయినా రికార్డు ఆయన పేరుమీదే ఉంది కనుక 1,200 అడుగుల ఆసామిగా లెక్క. అదే ఆదాయం గల మరో దర్జీ, ఊరి చివర అద్దె గదిలో ఒక్కడే ఉంటే, అతనికి పింఛను వస్తుంది. ఇద్దరిలో ఎవరు పేద అన్నది ఇక్కడ ప్రశ్నే కాలేదు. ఎవరి ఇల్లు ఉమ్మడి అన్నదే ప్రశ్న అయింది.

ఇప్పుడు అదృష్టం కొద్దీ పెద్దాయన రెండు గండాలూ గట్టెక్కాడనుకోండి. ఆయనకు 4,000 వస్తాయి. భార్యకు రావు. ఆమెకూ అరవై దాటాయి, ఆమె కూడా నలభై ఏళ్లు గుండీలు కుట్టింది, కాజాలు తీసింది. కాని కుటుంబానికి ఒకటే పింఛను. భర్త మరణిస్తే మాత్రం ఆమెకు వితంతు పింఛను మంజూరవుతుంది. పింఛనుదారు పోయిన మరుసటి నెల నుంచే భార్యకు ఇస్తామని ప్రభుత్వం చెప్పడం మంచిదే. అయితే ఆ నియమంలోని అర్థాన్ని ఒకసారి తిప్పి చదవండి: భర్త బతికి ఉన్నంతకాలం ఈ రాజ్యం దృష్టిలో ఆమెకు సొంత వృద్ధాప్యం లేదు.

మన సమాజానికి ఈ పరీక్ష మరింత బిగుతుగా ఎందుకు తగులుతుందో సచార్ కమిటీ 2006లోనే చెప్పకనే చెప్పింది. నెల జీతపు ఉద్యోగాలలో, ముఖ్యంగా ప్రభుత్వ, ప్రభుత్వరంగ కొలువులలో ముస్లింల వాటా తక్కువనీ, సొంత చేతిపని మీద, చిన్న వ్యాపారం మీద బతికేవారు ఎక్కువనీ ఆ నివేదిక తేల్చింది. దర్జీలు, మెకానిక్కులు, పండ్లబండ్ల వారు, జరీ పనివారు, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవారు. వీరిలో అత్యధికులకు భవిష్యనిధి లేదు, ఉద్యోగ పింఛను లేదు. కనుక వృద్ధాప్యంలో దిక్కైన సామాజిక పింఛనే మొదటిదీ చివరిదీ. వారి ఆదాయానికి జీతపు చీటీ లేదు. ఈ నెల 15,000, వచ్చే నెల 6,000. నెలకు 12,000 లోపా, పైనా అన్న ప్రశ్నకు నిజాయితీగల జవాబు వారి దగ్గరే లేనప్పుడు, గుమస్తా రాసిందే జవాబవుతుంది. పేర్ల గొడవ దీనికి అదనం. ఒకే మనిషి రేషన్ కార్డులో ‘షేక్’, ఆధార్‌లో ‘షైక్’, ఓటరు జాబితాలో పొడి అక్షరాలు. యంత్రానికి వీరు ముగ్గురు మనుషులు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ముస్లింలకు వేరే పింఛను కావాలని మేము అడగడం లేదు. ఆ ఉమ్మడి ఇంటి పక్కనే పద్మశాలి కుటుంబం ఉంటుంది, విశ్వబ్రాహ్మణ కుటుంబం ఉంటుంది. వారి మీటరూ అదే మీటరు. మేము అడిగేది ఇది: దేశంలో అరవై ఏళ్లు నిండిన ప్రతి స్త్రీకీ, ప్రతి పురుషునికీ, ఎవరికి వారికే, కేంద్రం నుంచి ఒక కనీస పింఛను హక్కుగా రావాలి. మినహాయింపు ఆదాయపు పన్ను కట్టే వృద్ధులకు, ప్రభుత్వ పింఛను అందుకునే వృద్ధులకు మాత్రమే ఉండాలి. వారి వివరాలు ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్నాయి. పేదనని నిరూపించుకొమ్మని ముసలివాడిని నిలదీయడానికి బదులు, వీరు సంపన్నులని ప్రభుత్వమే చూపాలి. నిరూపించే భారం చేతులు మారాలి. మా వాదన సారమంతా ఇంతే.

ఈ కోరిక కొత్తదీ కాదు, మాదొక్కరిదీ కాదు. బాబా ఆఢవ్, అరుణా రాయ్ వంటి వారు ముందుండి నడిపిన పెన్షన్ పరిషత్ 2012లోనే సార్వత్రిక పింఛను అడిగింది. నెలకు కనీసం 2,000 రూపాయలు ఇవ్వాలన్నది. 2017 డిసెంబరులో అరవైమంది ఆర్థికవేత్తలు నాటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీకి బహిరంగ లేఖ రాసి, సార్వత్రికం సంగతి తర్వాత, కేంద్రం వాటానైనా 200 నుంచి 500కు పెంచండని వేడుకున్నారు. ఆ మాటా నెగ్గలేదు.

ఆ 200 సంగతి చాలామందికి తెలియదు. ఇంటికి వచ్చే 4,000లో కేంద్రం వాటా ఎంతో ఎవరూ చెప్పరు గనుక. 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను 75 రూపాయలతో మొదలైంది. 2007లో ఇందిరా గాంధీ పేరుతో మారేనాటికి అది 200. ఎనభై దాటిన వారికి ఇప్పుడు 500. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారినా అరవై నుంచి డెబ్బైతొమ్మిది ఏళ్ల వారికి కేంద్రం ఇచ్చేది ఆ 200 రూపాయలే. రోజుకు ఏడు రూపాయల కన్న తక్కువ. అదైనా దారిద్ర్యరేఖ దిగువవారికే, అదీ రాష్ట్రానికి ఇంతమంది అన్న కోటా మేరకే. ఆ కోటా 2001 జనాభా లెక్కల మీద, 2004-05 నాటి పేదరికపు అంచనా మీద కట్టినది. అప్పుడు నలభై ఏళ్ల వయసులో ఉన్న మనిషి ఇవాళ పింఛను వయసుకు వచ్చాడు, కోటా మాత్రం ఎదగలేదు. ఆ కోటాను మించిన ప్రతి వృద్ధుని భారమూ రాష్ట్రానిదే. కోటా దాటి ఖర్చు పెట్టలేని రాష్ట్రంలో ఒక ముసలివాడు పోతే తప్ప మరొకరికి చోటు దొరకదు.

దీని ఫలితం మన రెండు రాష్ట్రాలలోనే కనిపిస్తుంది. కృష్ణకు ఇవతల అరవై నిండితే 4,000. అవతల తెలంగాణలో ఆసరా వయసు 57కు తగ్గించారు గాని, మొత్తం 2019లో నిర్ణయించిన 2,016. దానిని 4,000 చేస్తామన్నది 2023 ఎన్నికల వాగ్దానం. అక్కడా ఇంటికి ఒకటే. ఒకే నది నీరు తాగే ఇద్దరు ముసలమ్మలలో ఎవరికి ఎంత అన్నది ఎన్నికల పోటీ తేలుస్తున్నది. పోటీ వల్ల మొత్తం పెరిగిన మాట నిజమే, కాదనం. కాని పోటీలో పెరిగింది ఎన్నికలు కాగానే జాబితాల ఏరివేతలో తగ్గగలదు.

ఇక ఖర్చు. సార్వత్రికం అనగానే పెద్దలు మొదట వేసే ప్రశ్న ఇదే, వేయవలసిన ప్రశ్న కూడా. దేశంలో అరవై దాటినవారు ఇప్పుడు సుమారు 15 కోట్లు. ఒక్కరినీ మినహాయించకుండా కేంద్రం నెలకు వెయ్యి రూపాయలిస్తే ఏడాదికి 1 లక్షా 80 వేల కోట్లు. దేశ స్థూలోత్పత్తి సుమారు 330 లక్షల కోట్లనుకుంటే, ఇది నూటికి అరరూపాయి కన్న కొంచెం ఎక్కువ. పెన్షన్ పరిషత్ అడిగిన 2,000 చొప్పున అయితే నూటికి రూపాయికి కాస్త పైన. పన్ను కట్టేవారిని, ప్రభుత్వ పింఛనుదారులను తీసివేస్తే ఇంకా తగ్గుతుంది. ఇప్పుడు వృద్ధులు, వితంతువులు, వికలాంగులు అందరికీ కలిపి ఈ జాతీయ పథకానికి కేంద్రం కేటాయించేది సుమారు 9,650 కోట్లు.

లక్షా ఎనభై వేల కోట్లు తక్కువ డబ్బు కాదు. కాని 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను తగ్గించిన నాడు, ఏటా 1 లక్షా 45 వేల కోట్ల రాబడి వదులుకుంటున్నామని ఆర్థిక మంత్రే చెప్పారు. 2025 బడ్జెట్‌లో పన్నెండు లక్షల దాకా ఆదాయానికి పన్ను లేకుండా చేసి, దాదాపు లక్ష కోట్లు వదులుకుంటున్నామన్నారు. ఆ నిర్ణయాల మంచిచెడ్డలు వేరే చర్చ. ఆ లాభం అందుకున్న కంపెనీ కరెంటు మీటరును మాత్రం ఎవరూ చూడలేదు. ఆ లాభం నిజంగా కావలసినవారికే చేరిందా అని ఇంటింటి పరిశీలన జరగలేదు. ‘అర్హులకే అందాలి’ అన్న పట్టుదల ముసలివారి గుమ్మం దగ్గరే ఎందుకు పుట్టుకొస్తుందో మాకు అర్థం కాదు.

ఖర్చు గురించి నిజమైన చిక్కు మరొకటుంది. దానిని మనవారు కూడా దాటవేస్తుంటారు. ఉన్న డబ్బు ఇంతే అయినప్పుడు పేదవారికి 4,000 ఇవ్వడమా, అందరికీ 2,000 ఇవ్వడమా? నిరుపేద వృద్ధురాలి వైపు నుంచి చూస్తే మొదటిదే మేలు. ఆమె పేరు జాబితాలో ఉంటే. ఆ ‘ఉంటే’ దగ్గరే మా పట్టు ఉంది. అయినా ఆమె 4,000లో ఒక్క రూపాయి తగ్గించమని మేము అనము. కేంద్రం ఇచ్చే కనీస మొత్తం అందరికీ వర్తించాలి. దాని మీద రాష్ట్రాలు తమ శక్తి కొలదీ పేదలకు అదనం ఇచ్చుకోవచ్చు, దానికి షరతులూ పెట్టుకోవచ్చు. అప్పుడు పరీక్షలో పొరపాటు జరిగినా వృద్ధుని చేతిలో అదనమే పోతుంది, అంతా పోదు.

తప్పులు రెండు విధాలు. దక్కకూడనివారికి దక్కడం ఒకటి, దక్కవలసినవారికి దక్కకపోవడం రెండోది. మొదటిది పత్రికకెక్కుతుంది. మేడలున్న వారికి పింఛనట అని ఊరంతా చెప్పుకుంటుంది. రెండోదానికి సాక్షి ఉండదు. పేరు లేని ముసలమ్మ ఏ రికార్డులోనూ లేదు కనుక ఆమె గురించి లెక్కా లేదు. అందుకే ప్రతి పరిశీలనా మొదటి తప్పును వెతుకుతుంది, ప్రతిసారీ నిబంధన బిగుస్తుంది, బిగిసినప్పుడల్లా రెండో తప్పు కనబడకుండానే పెరుగుతుంది. ధనవంతునికి పొరపాటున వెళ్లిన వెయ్యిని పన్ను రూపంలో తిరిగి రాబట్టుకోవచ్చు. అరవై ఎనిమిదో ఏట ఆగిపోయిన పింఛనును డెబ్బై రెండో ఏట పునరుద్ధరించినా, మధ్యలో తినని అన్నాన్ని, కొనని మందును తిరిగి ఇవ్వలేము.

కొందరు మనవారే ఇలా అడుగుతారు: జకాత్ కూడా ఫలానావారికే అని నిర్దేశించింది కదా, ఏరి ఇవ్వడం మన సంప్రదాయమే కదా? నిజమే. కాని జకాత్ ఇచ్చేవాడు తన మొహల్లాలో ఎవరి పొయ్యి వెలగలేదో స్వయంగా కనుక్కోగలడు. మీటరు చూసి మనిషిని అంచనా కట్టవలసిన అగత్యం అతనికి లేదు. ఆ ఎరుక ఢిల్లీకీ లేదు, అమరావతికీ లేదు. పైగా జకాత్ దాతృత్వ బాధ్యత, పింఛను పౌరుడు రాజ్యాన్ని అడిగే హక్కు. ఒకటి ఉన్నదని రెండోదానిని వదులుకోనక్కరలేదు.

సార్వత్రిక పింఛను సంపన్న దేశాల ముచ్చట అనేవారు నేపాల్‌ను చూడాలి. మనకంటే పేద దేశం. 1990ల నడుమ 75 ఏళ్లు దాటిన వారికి నెలకు వంద నేపాలీ రూపాయలతో, ఆదాయ పరీక్ష లేకుండా మొదలుపెట్టింది. 2008లో సాధారణ వయసును 70కి, 2022లో 68కి దించింది, మొత్తాన్ని 4,000 నేపాలీ రూపాయలకు తెచ్చింది. వయసు ఎక్కువగా ఉంచి మొదలుపెట్టి, చేతనైన కొద్దీ దించడం ఒక దారి అని అది చూపింది.

మారిషస్ కథ ఇంకా ముచ్చటైనది. చెరకు తోటల కూలీలుగా వెళ్లిన మన తెలుగువారి వారసులు, ముస్లింలు, మరెందరో కలిసి ఉన్న దీవి అది. అక్కడ 1950లో పింఛను మొదలైనప్పుడు ఆదాయ పరీక్ష ఉండేది. 1958లో దానిని ఎత్తివేశారు. అర్ధశతాబ్ది తరువాత 2004లో ఒక ప్రభుత్వం ఖర్చు పేరుతో మళ్లీ ఆదాయ పరీక్ష తెచ్చింది. మరుసటి ఏడాది ఎన్నికలలో ఆ ప్రభుత్వం ఓడింది, కొత్తగా వచ్చినవారు పరీక్షను రద్దు చేశారు. కథ అక్కడితో ముగియలేదని కూడా చెప్పాలి. వృద్ధుల సంఖ్య పెరిగి భారం మోయలేక, 2025 బడ్జెట్‌లో ఆ దేశం పింఛను వయసును 60 నుంచి క్రమంగా 65కు పెంచాలని నిర్ణయించింది, దానిపై నిరసనలు రేగాయి. మన దేశంలోనూ 2050 నాటికి అరవై దాటినవారు 34 కోట్లకు పైబడతారని ఐక్యరాజ్యసమితి అంచనా. కనుక మొత్తాన్ని ధరల సూచికతో ముడిపెట్టి, వయసును ఎప్పుడు ఎలా మార్చాలో చట్టంలోనే రాసుకోవాలి. ఆ బేరం పార్లమెంటులో బహిరంగంగా జరగాలి. గోడ మీది మీటరు ద్వారా చాటుగా జరగకూడదు.

ఒక లోటు మాత్రం సార్వత్రిక పింఛను కూడా తీర్చలేదు. వయసు రుజువు. మన వృద్ధులలో, ముఖ్యంగా స్త్రీలలో, జనన పత్రం ఉన్నవారు అరుదు. ఆధార్ నమోదు రోజున ఎవరో ఉజ్జాయింపుగా చెప్పిన సంవత్సరం, జనవరి ఒకటో తారీఖు, అదే ఇవాళ వేదవాక్కయింది. అరవై అయిదేళ్ల మనిషి కార్డులో యాభై ఏడు. దీనికి పథకం ఏదైనా మందు ఒకటే, సవరణను ముందుగానే చేయించుకోవడం.

చట్టం వచ్చేలోగా చేయగలిగిన పని ఉంది. ప్రతి మొహల్లాలో మసీదు కమిటీలు, యువజన సంఘాలు అరవై నిండి పింఛను లేని వారి జాబితా రాయాలి, మతంతో నిమిత్తం లేకుండా, ఇరుగుపొరుగు అందరినీ కలుపుకుని. పేరు, వయసు పక్కన తిరస్కరణ కారణమనే గడి తప్పక ఉండాలి. భూమి, బండి, ఉద్యోగి, పన్ను, కరెంటు, చదరపు అడుగులు, లేక ఇంట్లో ఇదివరకే ఒక పింఛను. సచివాలయంలో నోటిమాటగా ‘కంప్యూటర్ తీసుకోవడం లేదు’ అంటే ఊరుకోవద్దు. ఏ అంచెలో తప్పిందో రాసి ఇమ్మని అడగాలి, ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఉమ్మడి మీటరే కారణమైతే విడి సంసారాలకు విడి కనెక్షన్ కోసం విద్యుత్ కార్యాలయంలో దరఖాస్తు చేయించాలి. ఇల్లు కారణమైతే వారసుల వాటాలు చూపే పత్రం జతచేసి అప్పీలు పెట్టించాలి. జాబితా ప్రతి ఒకటి స్థానిక శాసనసభ్యునికి, ఒకటి పార్లమెంటు సభ్యునికి, ఒకటి మాకు పంపండి. ఏ కారణంతో ఎందరు ఆగిపోయారో ఊరి పేర్లతో సహా ఈ పుటలలో ప్రచురిస్తాము. వృద్ధుల పేర్లు మాత్రం వారు అనుమతిస్తేనే వేస్తాము.